ఇన్వర్టర్ బ్యాటరీ వారంటీ కార్డును తెలుగులో రాయడం: ఏది వస్తుందో, ఏది రాదో కొన్నవాళ్ళకి తెలిసేలా

మా ఊళ్ళో బ్యాటరీల షాపు నడిపే స్నేహితుడి కోసం వారంటీ కార్డులు తెలుగులోకి మారుస్తుంటాను. ఈ పని మొదలవడానికి కారణం ఒక పెద్దాయన. ఆయన 2021 జూన్ 10న ఇన్వర్టర్ బ్యాటరీ కొన్నారు. కార్డు మీద పెద్ద అక్షరాల్లో '60 నెలల వారంటీ' అని ఉంది. 2025 ఆగస్టు 20న బ్యాటరీని ఆటోలో వేసుకుని షాపుకి తెచ్చారు. "ఐదేళ్ళు కాలేదుగా బాబూ, కొత్తది ఇచ్చెయ్యండి" అన్నారు. కార్డు వెనక ఇంగ్లీషులో ఉన్న లెక్క ప్రకారం ఆయనకి ఉచితంగా ఏమీ రాదు. షాపతను చెబితే నమ్మలేదు, మోసం చేస్తున్నారనుకున్నారు. షాపతను అబద్ధం చెప్పలేదు, పెద్దాయన అడిగిందీ తప్పు కాదు. ఆయన చేతిలో ఉన్న కాగితం ఆయనకి అర్థమయ్యే భాషలో లేదు, అంతే.

ఆ కార్డునే ఉదాహరణగా పెట్టుకుని, వారంటీ కార్డును తెలుగులోకి ఎలా మార్చాలో అడుగడుగునా చెబుతాను. ఫ్రిజ్ కార్డు అయినా మిక్సీ కార్డు అయినా పద్ధతి చాలావరకు ఇదే. ఇన్వర్టర్ బ్యాటరీ కార్డులో మాత్రం చిక్కులు కాస్త ఎక్కువ.

మొదటి అడుగు: రాయడం మొదలుపెట్టకముందు మూడు కుప్పలు చేయండి

కార్డు మొదటి లైను నుంచి వరసగా అనువదించుకుంటూ పోతే పని చెడుతుంది. కార్డు రాసినవాళ్ళు కంపెనీ వైపు నుంచి ఆలోచించి రాస్తారు. ఒకే వాక్యంలో హామీ, షరతు, మినహాయింపు మూడూ కలిసిపోయి ఉంటాయి. కాబట్టి ముందు కార్డు మొత్తం రెండుసార్లు చదవండి. వెనక వైపు సన్నక్షరాలు, కింద ఉన్న పట్టిక, డీలరు ముద్ర వేసే గడి కూడా వదలొద్దు. తర్వాత ఒక తెల్ల కాగితం మీద మూడు గళ్ళు గీసి ప్రతి ముక్కనీ ఏదో ఒక గడిలో వేయండి: కంపెనీ ఏం చేస్తుంది, కొన్నవాళ్ళు ఏం చేయాలి, ఏవి వారంటీలోకి రావు.

మా కార్డులో ఇంగ్లీషు వాక్యాలు పద్నాలుగు. విడదీస్తే ముప్ఫై దాకా ముక్కలయ్యాయి. ప్రతి ముక్కకీ ఒక నంబరు వేసుకోండి. చివర సరిచూసుకునేటప్పుడు ఆ నంబర్లే పనికొస్తాయి. తెలుగులో కనిపించని నంబరు ఉంటే అది మీరు వదిలేసిన షరతు.

రెండో అడుగు: నాలుగు మాటలు ముందే స్థిరపరచుకోండి

మొత్తం కార్డుకి ప్రాణం నాలుగైదు మాటల్లో ఉంటుంది. వాటికి ఏ తెలుగు మాట వాడతారో మొదటే నిర్ణయించుకుని, చివరిదాకా అదే వాడండి. కథ రాసేటప్పుడు ఒకే మాట పదేపదే వస్తే విసుగొస్తుంది గానీ, ఇక్కడ మాట మారిస్తే అర్థమే మారిందనుకుంటారు.

మొదటిది 'డిఫెక్ట్'. దీన్ని 'బ్యాటరీ చెడిపోతే' అని రాస్తే కంపెనీ ఇవ్వని హామీని మీరు ఇచ్చేసినట్టు. ఇంట్లో వాడకం వల్ల చెడిపోయినా, కింద పడి పగిలినా, వయసు అయిపోయి ఆగిపోయినా 'చెడిపోవడమే' కదా. కార్డు హామీ ఇచ్చేది తయారీలో వచ్చిన తప్పుకి మాత్రమే. కాబట్టి ప్రతిచోటా 'తయారీ లోపం' అనే రాయండి. 'డ్యామేజ్' అన్నచోట 'దెబ్బతినడం', 'వేర్ అండ్ టేర్' అన్నచోట 'వాడకంలో వచ్చే అరుగుదల' సరిపోతాయి.

తర్వాతి రెండిటినీ కలిపి చెప్పాలి. నా అనుభవంలో అనువాదాలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. 'నాట్ కవర్డ్' అంటే ఆ ఒక్క సమస్యకి వారంటీ లేదని. 'వాయిడ్' అంటే మొత్తం వారంటీయే పోయిందని. చాలా తెలుగు కార్డుల్లో రెండిటికీ 'వారంటీ వర్తించదు' అనే ఉంటుంది. తేడా చూడండి. బ్యాటరీ పెట్టె బీటలు వారితే ఆ బీటకి వారంటీ వర్తించదు. రేపు లోపల ఒక సెల్ తయారీ లోపం వల్ల పోతే, దానికీ ఆ బీటకీ సంబంధం లేకపోతే, అడిగే దారి ఇంకా ఉంటుంది. అదే బ్యాటరీ మీద చెక్కిన సీరియల్ నంబరు చెరిపేస్తే వారంటీ మొత్తం రద్దు. ఇక ఏ లోపానికీ అడగలేరు. కాబట్టి మొదటిదానికి 'వర్తించదు', రెండోదానికి 'పూర్తిగా రద్దవుతుంది' అని రాయండి. ఒకదాని బదులు ఇంకొకటి వాడొద్దు.

నాలుగోది 'రీప్లేస్‌మెంట్'. 'మార్చి ఇస్తాం' అంటే చాలనిపిస్తుంది గానీ, ఉచితంగానా, డబ్బు తీసుకునా అన్నది ప్రతిసారీ పక్కనే ఉండాలి. 'ఉచితంగా మార్చి ఇస్తుంది', 'తగ్గింపు ధరకి కొత్తది ఇస్తుంది' అని విడివిడిగా రాయండి.

వారంటీ, సీరియల్ నంబరు, డీలరు, బిల్లు, సెల్, యాసిడ్, డిస్టిల్డ్ వాటర్ లాంటి మాటల్ని తెలుగు చేయాలని పాకులాడొద్దు. 'క్రమసంఖ్య' అని రాస్తే బ్యాటరీ మీద ఏది చూసుకోవాలో తెలియక మళ్ళీ ఫోను చేస్తారు. షాపులో నిలబడి ఏ మాట అంటారో ఆ మాటే కార్డులోనూ ఉండాలి.

మూడో అడుగు: ప్రతి వాక్యంలో ఎవరు, ఎవరి ఖర్చుతో అన్నది కనబడాలి

ఇంగ్లీషు కార్డు కర్తని దాచేస్తుంది. 'బ్యాటరీ సర్వీస్ సెంటరుకు చేర్చబడవలెను' అని ఇంగ్లీషు వాక్యాన్ని అలాగే దించితే, ఎవరు చేర్చాలి? 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ యాభై కిలోల పైనే బరువుంటుంది. ఆటో ఖర్చు ఎవరిదన్నది చిన్న సంగతి కాదు. మా కార్డులో ఆ ఖర్చు కొన్నవాళ్ళదే అని ఇంకో వాక్యం చివర ఉంది. రెండూ కలిపి 'బ్యాటరీని సర్వీస్ సెంటరుకి మీరే తీసుకురావాలి. ఆటో, కూలీ ఖర్చు మీదే' అని రాశాను. 'బడు' కనిపించిన ప్రతిచోటా ఆగి, ఎవరు అని అడగండి. 'కొనుగోలుదారుడు' అనే మాట తీసేసి 'మీరు' అని రాస్తే సగం మసక పోతుంది.

ఒక వాక్యాన్ని దగ్గర నుంచి చూద్దాం. ఎవరో చేసిన పాత తెలుగు అనువాదంలో ఇలా ఉంది:

'అధీకృత సిబ్బంది చేత తప్ప ఇతరులచే తెరవబడిన, సవరించబడిన లేదా క్రమసంఖ్య చెరిపివేయబడిన లేక అపరిశుభ్ర జలం లేదా ఆమ్లం కలపబడిన బ్యాటరీలకు ఈ వారంటీ చెల్లనేరదు.'

వ్యాకరణం తప్పేమీ లేదు. కానీ క్రియ వచ్చేది చివర్లో కాబట్టి, వారంటీ ఉందా లేదా అన్నది తెలియడానికి వాక్యమంతా మోసుకుపోవాలి. 'చేత తప్ప' అనే ముక్క ఎంతదాకా పాకుతుందో కూడా తెలియదు. అధీకృత సిబ్బంది యాసిడ్ కలిపితే పరవాలేదా? నేను ఇలా విడదీశాను:

'కింది వాటిలో ఏది జరిగినా మీ వారంటీ పూర్తిగా రద్దవుతుంది. కంపెనీ మనిషి కాకుండా వేరేవాళ్ళు బ్యాటరీని విప్పినా, బాగుచేసినా. బ్యాటరీ మీద సీరియల్ నంబరు చెరిపినా. బ్యాటరీలో యాసిడ్ పోసినా. డిస్టిల్డ్ వాటర్ తప్ప వేరే ఏ నీళ్ళు పోసినా.'

ఫలితం ముందు, కారణాలు తర్వాత. షరతులకి ఈ వరస బాగా కుదురుతుంది.

ఇందులో నీళ్ళ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంగ్లీషులో 'ఇంప్యూర్ వాటర్' అని ఉంది. దాన్ని 'అపరిశుభ్రమైన నీళ్ళు' అని రాస్తే ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటారు? మురికి నీళ్ళు పోయకూడదు, మినరల్ వాటర్ క్యాన్ నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయి కదా, పోద్దాం అనుకుంటారు. తాగడానికి మంచి నీళ్ళు వేరు, బ్యాటరీకి మంచి నీళ్ళు వేరు. తాగే నీళ్ళలో ఉండే లవణాలు ప్లేట్లని పాడుచేస్తాయి. మక్కికి మక్కి దించిన ఆ ఒక్క మాట బ్యాటరీని చంపేస్తుంది, పైగా వారంటీనీ తీసేస్తుంది. 'మినరల్ వాటర్, బోరు నీళ్ళు, కుళాయి నీళ్ళు ఏవీ పోయకూడదు' అని పేరుపేరునా రాయండి. మీరు కార్డుకి కొత్త షరతు చేర్చడం లేదు, ఉన్న షరతునే ఇంటి భాషలో చెబుతున్నారు.

ఇలాంటిదే ఇంకొకటి: 'డొమెస్టిక్ యూజ్'. ఒక కార్డులో దీన్ని 'దేశీయ వినియోగం' అని చూశాను. స్వదేశంలో వాడితే చాలని అర్థమొస్తుంది. అసలు అర్థం 'ఇంటి వాడకానికి మాత్రమే'. ఆ బ్యాటరీని జిరాక్స్ షాపులో పెట్టుకున్నవాళ్ళకి ఈ తేడా చాలా ఖరీదైనది. 'యాక్ట్ ఆఫ్ గాడ్'ని 'దేవుడి చర్య' అనకుండా 'పిడుగు, వరద, భూకంపం లాంటివి' అని రాయండి.

నాలుగో అడుగు: నెలల లెక్కని తేదీలుగా మార్చండి

పెద్దాయన కార్డులో 60 నెలలు రెండు ముక్కలు. మొదటి 36 నెలలు ఉచిత మార్పిడి. మిగిలిన 24 నెలలు 'ప్రో-రేటా'. దీనికి 'దామాషా వారంటీ' అని ఎవరో రాశారు. తప్పు కాదు గానీ, చదివినవాడికి చేతిలో ఏం పడుతుందో తెలియదు. అర్థం ఇది: ఈ గడువులో తయారీ లోపం వస్తే కంపెనీ కొత్త బ్యాటరీ ఉచితంగా ఇవ్వదు. ఆ రోజు కొత్త బ్యాటరీకి ఉన్న ఎమ్మార్పీ మీద కొంత శాతం తగ్గిస్తుంది. మిగతా డబ్బు మీరు కట్టాలి. నెలలు గడిచేకొద్దీ ఆ శాతం తగ్గుతుంది.

ఆ కార్డులోని పట్టిక ప్రకారం 37 నుంచి 42 నెలల వరకు 30 శాతం, 48 వరకు 25, 54 వరకు 20, 60 వరకు 15. పెద్దాయన బ్యాటరీకి 50 నెలలు నిండి 51వ నెల నడుస్తోంది. అంటే 20 శాతం. ఆ రోజు ఎమ్మార్పీ 19,000 రూపాయలు. తగ్గింపు 3,800, ఆయన కట్టాల్సింది 15,200. పాత బ్యాటరీ కంపెనీకి ఇచ్చేయాలి. అదే షాపులో, అదే రకం బ్యాటరీ, వారంటీతో పని లేకుండా మామూలుగా కొంటే 15,000కే ఇస్తున్నారు. పాత బ్యాటరీకి తుక్కు కింద వచ్చే డబ్బు అదనం. తగ్గింపు ఎమ్మార్పీ మీద, అమ్మకం దానికన్నా తక్కువకి జరుగుతోంది కాబట్టి ఇలా అవుతుంది. 20 శాతం తగ్గింపుకి వెళితే ఆయనకి నష్టమే.

ఈ లెక్క కార్డులో లేదు, కార్డు అనువాదంలో మీరు చేర్చకూడదు కూడా. కానీ 'తగ్గింపు ఎమ్మార్పీ మీద లెక్కిస్తారు, మీరు కొన్న ధర మీద కాదు' అన్న మాట ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది. దాన్ని సన్నక్షరాల్లో కలిపేయకుండా పట్టిక పక్కనే పెట్టండి. ఆ ఒక్క వాక్యం చదివితే ఎవరికి వాళ్ళే లెక్క వేసుకుని, పక్క షాపులో ధర కనుక్కుని వస్తారు.

మార్చి ఇచ్చిన బ్యాటరీ సంగతి కూడా ఇక్కడే రాయాలి. 30వ నెలలో ఉచితంగా కొత్తది ఇచ్చారనుకోండి. మళ్ళీ 36 నెలలు మొదలైందని అందరూ అనుకుంటారు. ఇంగ్లీషులో 'మిగిలిన గడువు' అనే ఉంటుంది. నేను ఇలా రాశాను: 'మార్చి ఇచ్చిన బ్యాటరీకి కొత్తగా వారంటీ మొదలవదు. పాత బ్యాటరీకి ఎన్ని నెలలు మిగిలి ఉన్నాయో అన్నే వస్తాయి.' దాని కిందే 30వ నెల ఉదాహరణ ఇచ్చి, ఉచిత గడువు ఇంకా 6 నెలలే ఉంటుందని చెప్పాను.

గడువుల్లో తెలుగు మాటలు కూడా మోసం చేస్తాయి. '30 రోజుల్లో నమోదు చేయాలి' అంటే కొందరు ముప్ఫై రోజులయ్యాక అనుకుంటారు. '30 రోజుల లోపు, ఆ తర్వాత కుదరదు' అని రాయండి. మొదలు ఎప్పుడన్నది కూడా చెప్పాలి. మా కార్డులో గడువు బిల్లు తేదీ నుంచి, ఇంట్లో బిగించిన తేదీ నుంచి కాదు. గృహప్రవేశానికి రెండు నెలల ముందే కొని పక్కన పెట్టినవాళ్ళకి ఆ రెండు నెలలూ పోయినట్టే. కొన్ని కార్డుల్లో కొన్న తేదీ నుంచి ఇన్ని నెలలు, తయారైన తేదీ నుంచి ఇన్ని నెలలు, 'విచెవర్ ఈజ్ ఎర్లియర్' అని ఉంటుంది. దానికి 'ఈ రెండిటిలో ఏ గడువు ముందు ముగిస్తే అంతటితో వారంటీ అయిపోతుంది' అని రాయాలి. 'ఏది ముందైతే అది' అంటే చాలామందికి అందదు.

ఐదో అడుగు: మినహాయింపుల్ని కళ్ళకి కనబడేలా రాయండి

మా కార్డులో ఒక మినహాయింపు ఇలా ఉంది: కేవలం డిశ్చార్జి అయిన బ్యాటరీని లోపం ఉన్నదిగా పరిగణించరు. ఇది అనువదించేముందు షాపుకి వెళ్ళి, దీన్ని ఎలా తేలుస్తారో చూశాను. ఇన్వర్టర్ బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి. మెకానిక్ ఒక్కో మూత తీసి హైడ్రోమీటర్‌తో యాసిడ్ పైకి లాగి, అది ఎంత చిక్కగా ఉందో చెప్పే గ్రావిటీ చూశాడు. ఐదు సెల్స్ 1230 దగ్గర చూపించాయి, ఒకటి మాత్రం 1110. "చూడన్నా, ఈ ఒక్క సెల్ పోయింది, ఇది క్లెయిమ్‌కి వెళ్తుంది" అన్నాడు. పక్కనున్న ఇంకో బ్యాటరీలో ఆరూ ఒకేలా కిందికి ఉన్నాయి. "ఇది చార్జింగ్ లేక పడుకుంది, రాత్రంతా చార్జింగ్ పెడితే లేస్తుంది" అన్నాడు. అది చూశాక వాక్యం తేలిగ్గా వచ్చింది: 'బ్యాటరీలో చార్జింగ్ అయిపోవడం తయారీ లోపం కాదు. ముందు పూర్తిగా చార్జింగ్ చేసి పరీక్షిస్తారు. చార్జింగ్ చేస్తే మామూలుగా పనిచేసే బ్యాటరీని మార్చి ఇవ్వరు.' అర్థం కాని మినహాయింపుని నిఘంటువులో వెతకడం కన్నా, ఆ పని చేసేవాళ్ళ పక్కన పది నిమిషాలు నిలబడడం మేలు.

ఇంకో మినహాయింపు నీటి మట్టం. దాన్ని 'నిర్వహణ లోపం' అని రాసేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. 'నీళ్ళు కింది గుర్తు కన్నా తగ్గిపోయి ప్లేట్లు ఎండితే వారంటీ వర్తించదు' అంటే ఇంట్లో ఎవరైనా వెళ్ళి గుర్తు చూస్తారు.

మినహాయింపుల జాబితా ముందు 'ఇంక్లూడింగ్ బట్ నాట్ లిమిటెడ్ టు' అని ఉంటే దాన్ని వదలకండి. ఆ మాట లేకపోతే జాబితాలో లేనివన్నీ వస్తాయని నమ్ముతారు. 'ఇవి ఉదాహరణలు మాత్రమే, ఇలాంటి వేరే కారణాలకీ వారంటీ వర్తించదు' అని రాయాలి. వినడానికి కటువుగా ఉంటుంది. అయినా మెత్తగా చేయొద్దు.

ఇంగ్లీషులో 'మే' అనే చిన్న మాట కూడా ఇక్కడే చిక్కు పెడుతుంది. 'కంపెనీ బ్యాటరీని మార్చవచ్చు' అంటే తెలుగులో మార్చే అవకాశం బాగానే ఉందని వినిపిస్తుంది. కార్డు ఉద్దేశం వేరు: 'బాగుచేసి ఇవ్వాలా, కొత్తది ఇవ్వాలా అన్నది కంపెనీ నిర్ణయిస్తుంది. కొత్తదే కావాలని మీరు పట్టుబట్టడానికి ఈ కార్డు వీలివ్వదు.'

ఆరో అడుగు: కోర్టు మాటలు, మీరు చేర్చకూడనివి

కార్డు చివర వివాదాలన్నీ ఫలానా నగరంలోని కోర్టుల్లోనే తేల్చుకోవాలని ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు అనువదించండి. అయితే చదివినవాళ్ళు ఢిల్లీ దాకా ఎవరు వెళ్తారని వదిలేస్తారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 34వ సెక్షన్ ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 1915. ఈ సమాచారం ఇవ్వండి, కానీ కార్డు వాక్యాల మధ్య కలపొద్దు. గీత గీసి, కింద 'ఇది కార్డులోని మాట కాదు' అని రాసి విడిగా పెట్టండి. ఏది కంపెనీ చెప్పింది, ఏది మీరు చెప్పింది అన్నది చదివేవాళ్ళకి ఎప్పుడూ తెలియాలి. అలాగే మొదట్లోనే 'ఇది అర్థం చేసుకోవడానికి చేసిన తెలుగు అనువాదం. క్లెయిమ్‌కి ఇంగ్లీషు కార్డు, బిల్లు తప్పనిసరి' అని ఉండాలి. లేకపోతే ఇంగ్లీషు కార్డు పారేసి తెలుగు కాగితం దాచుకునేవాళ్ళుంటారు.

కార్డులో లేని సంగతిని ఊహించి నింపొద్దు. ప్రో-రేటాలో తీసుకున్న బ్యాటరీకి కొత్త వారంటీ ఉంటుందా అన్నది మా కార్డులో లేదు. షాపతను ఉంటుందన్నాడు. నేను రాయలేదు. కంపెనీని రాతపూర్వకంగా అడగమన్నాను, జవాబు వచ్చాకే చేర్చాను.

ఏడో అడుగు: కొన్నవాళ్ళతో చదివించండి

ముందు మూడు గళ్ళ కాగితం తీసి నంబర్లు సరిచూడండి. నెలలు, శాతాలు, రోజులు ఒక్కొక్కటీ ఇంగ్లీషు కార్డు మీద వేలు పెట్టి చూడండి. తర్వాత ఈ కార్డు ఎప్పుడూ చూడనివాళ్ళకి ఇవ్వండి. 'అర్థమైందా' అని అడిగితే అందరూ అయిందనే అంటారు. దానికి బదులు సంగతి చెప్పి అడగండి: నలభయ్యో నెలలో సెల్ పోతే మీరెంత కట్టాలి? మినరల్ వాటర్ పోస్తే ఏమవుతుంది? బిల్లు పోతే? ఇన్వర్టర్ బ్యాటరీ మీ తమ్ముడికి అమ్మేస్తే వారంటీ అతనికి వస్తుందా? జవాబు తప్పు చెప్పినచోట తప్పు వాళ్ళది కాదు, ఆ వాక్యం మళ్ళీ రాయాలి. నేను చదివించినప్పుడు ముగ్గురిలో ఇద్దరు చివరి ప్రశ్నకి వస్తుందన్నారు. 'తొలి కొనుగోలుదారుకు మాత్రమే' అని రాసి ఉంచాను. దాన్ని 'బిల్లు మీద ఎవరి పేరుంటే వాళ్ళకే వారంటీ. వేరేవాళ్ళకి అమ్మినా, ఇచ్చినా వాళ్ళకి రాదు' అని మార్చాక ఎవరూ తప్పు చెప్పలేదు.

ఇప్పుడు మా షాపు తెలుగు కాగితం మీద, అన్నిటికన్నా పైన, రెండు ఖాళీ గీతలుంటాయి. అమ్మిన రోజే షాపతను పెన్నుతో నింపుతాడు. పెద్దాయన పాత కార్డుకైతే అవి ఇలా ఉండేవి. ఉచితంగా మార్చి ఇచ్చే చివరి రోజు: 2024 జూన్ 9. తగ్గింపు ధరకి ఇచ్చే చివరి రోజు: 2026 జూన్ 9.